మూడు పట్టీల చేను

మా చేను నాలుగెకరాలు. మూడెకరాలు ఒర్రె వెంట నల్లరేగడి, ఒకెకరం పైన గుట్ట వాలుకు ఎర్ర చెలక. ఉట్నూరు దిక్కు గోండుల చేలు, కొలాముల చేలు చాలా వరకు ఇట్లాగే ఉంటాయి. కింద కొంచెం బరువు నేల, మీద కొంచెం తేలిక నేల, నీళ్లంటే వాననీళ్లే. అన్నదమ్ములం ముగ్గురం కలిసే చేస్తున్నాం. బడి ఉద్యోగం ఉన్నది ఒక్కరికే. సెలవు రోజుల్లో ఆయన కూడా గుంటుక పడతాడు కాబట్టి చేను సంగతి చెప్పేటప్పుడు మేము అనే చెప్తాం.

2018 వరకు ఆ మూడెకరాల రేగడిలో మేము పత్తి తప్ప వేరేది వేయలేదు. సాళ్ల నడుమ అక్కడక్కడ ఒక కంది సాలు పెట్టేవాళ్లం, అంతే. బీటీ విత్తనం మన దేశంలోకి 2002లో వచ్చింది. మా ఊరికి వచ్చిన కొత్తలో ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు తీసిన చేను అది. 2018లో అదే చేనులో నాలుగున్నర దగ్గర ఆగింది. వానలు తక్కువైనయని ఒక ఏడు అనుకున్నాం, విత్తనం కల్తీ అని ఇంకో ఏడు అనుకున్నాం. ఎరువు బస్తాలు మాత్రం ఏటా పెంచుకుంటూ పోయాం. ఎరువూ విత్తనమూ ఉద్దెరకు ఇచ్చే సేటు పత్తి మీదే ఇస్తాడు. జొన్న వేస్తామంటే ఇయ్యడు. పత్తి తగ్గిన కొద్దీ అప్పు తీర్చడానికి మళ్లీ పత్తే వేయాల్సి వచ్చేది.

నేల చెడిందని మాకు ముందుగా చెప్పింది నాగలి. ఎండాకాలం దుక్కిలో పెళ్లలు తలకాయంత లేచేవి, రెండు వానలు పడ్డా విరిగేవి కాదు. ఆరుద్రలో గట్టి వాన పడితే సాళ్లలో నీళ్లు మూడు రోజులు నిలబడేవి. మా చిన్నప్పుడు అదే చోట తెల్లారేసరికి ఇంకేవి. పేడపురుగు, ఎర్ర (మా దిక్కు వానపామును అట్లనే అంటారు) కనబడటం ఎప్పుడు మానేసిందో ఎవరికీ గుర్తు లేదు. పత్తి మొక్క పీకి చూస్తే తల్లివేరు జానెడు దిగి పక్కకు తిరిగి ఉండేది. దాని కింద ఒకే లోతులో ఏటేటా దున్నిన గట్టి పొర ఉంది.

మా కాకా ఒకనాడు గట్టు మీద కూర్చుని, "మీరు నేలకు కాలు కట్టేసిన్రు రా. మా తాతలు నేలను నడిపిచ్చిన్రు" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి మాకు కొంత కాలం పట్టింది.

ఆయన చెప్పేది మా పెద్దల సేద్యం గురించి. గుట్ట మీద తేలిక నేలను రెండు మూడేళ్లు సాగు చేసి వదిలేసేవారు. అది గడ్డి పట్టి, చెట్టు పట్టి, ఆకు రాలి, కొన్నేళ్లకు మళ్లీ సేద్యానికి వచ్చేది. ఆ లోపల ఇంకో తునక సాగులో ఉండేది. 1940 దశకంలో మన దిక్కు తిరిగి మార్లవాయిలో ఉన్న హైమెన్‌డార్ఫ్ గారు ఆదిలాబాద్ గోండుల మీద రాసిన దాంట్లో ఈ పద్ధతి ఉంది. దానికి ఏమైందో కూడా ఉంది. అడవికి హద్దులు గీసిన కాలంలో దున్నుతున్న చేను మాత్రమే చేనుగా లెక్కకు వచ్చింది, విశ్రాంతికి వదిలిన చేను అడవి అయింది. ఆనాటి నుంచి మా వాళ్లకు బీడు అంటే భయం. ఇప్పుడు 2006 చట్టం కింద హక్కుపత్రం చేతిలో ఉన్న ఇంట్లో కూడా "ఒక ఏడు వదిలేద్దాం" అంటే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. వదిలితే మొక్కలు నాటిపోతారేమో అన్న గుబులు. ఆ గుబులు ఉట్టిది అనడానికి మాకు నోరు రాదు.

అంటే నేలను నడిపించడం మా చేతుల్లో లేదు, నేలను ఖాళీగా ఉంచడమూ లేదు. మిగిలింది పంటను నడిపించడం. 2019 ఉగాదికి రూళ్ల కాగితం మీద మూడు గడులు గీశాం. రేగడిని మూడు ఎకరం పట్టీలుగా చేశాం. ఇప్పచెట్టు దిక్కుది ఇప్ప పట్టీ, నడుమది నడిమి పట్టీ, కిందిది ఒర్రె పట్టీ. ప్రతి పట్టీలో ఒక ఏడు పత్తి, రెండో ఏడు జొన్న కంది కలిపి, మూడో ఏడు వానకాలం సోయా, పదును ఉంటే దాని వెంట యాసంగి శనగ. నాలుగో ఏడు మళ్లీ పత్తి. ఒక్కో పట్టీ ఒక్కో మెట్టు మీద మొదలైంది కాబట్టి ఏ ఏడు చూసినా ఇంట్లోకి పత్తి డబ్బు వస్తుంది, జొన్నలు వస్తాయి, పప్పు వస్తుంది. మూడెకరాల పత్తి ఎకరానికి దిగింది. సేటుకు చెప్పడం అన్నిటికంటే కష్టమైన పని. ఆ ఏడు జీతంలోంచి విత్తనాలు కొన్నాం. జీతం లేని ఇల్లయితే మూడో వంతు నేలతో మొదలుపెట్టి, మిగతాది ఒక ఏడు పత్తిలోనే ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

పంటల వరుస మేము ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. ఏ పంట ముందు ఏది రావాలో ఆ నేలలో దాగి ఉన్నవాటిని బట్టి ఉంటుంది.

పత్తి తర్వాత జొన్న ఎందుకంటే, మా చేనులో జొన్నమల్లె ఉండేది. చిన్న తెల్లపూల మొక్క. చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ అది జొన్న వేరు మీద బతుకుతుంది. దాని విత్తనం దుమ్ములాగా సన్నగా ఉండి పదేళ్లు దాటినా మట్టిలో చావదు. జొన్న వేరు వాసన తగిలితేనే మొలకెత్తుతుంది. పత్తి వేరు దగ్గర కూడా అది లేస్తుంది, కానీ పత్తి వేరును పట్టుకోలేదు, తిండి దొరకక చచ్చిపోతుంది. పత్తి వేసిన ఏడు మట్టిలోని మల్లె విత్తనం కొంత ఉట్టిగా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత వచ్చే జొన్నకు అంత మేర బాధ తప్పుతుంది. మిగిలిన మొక్కలను మేము పూత రాకముందే పీకేస్తాం. పూత వచ్చాక పీకి గట్టు మీద వేస్తే విత్తనం చల్లినట్టే.

జొన్నతో కంది కలపడం మా పాత పద్ధతే. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది. జొన్న చిత్త కార్తెకు కోతకు వస్తుంది, అప్పటి వరకు కంది దాని నీడలో నెమ్మదిగా ఉంటుంది, జొన్న పోయాక విచ్చుకుంటుంది. జొన్న వేర్లు పైపొరను గుచ్చంలా అల్లుకుని పెళ్లలను చిన్నవి చేస్తాయి. కంది తల్లివేరు లోతుకు దిగి మా నాగలి చేసిన గట్టి పొరను చీలుస్తుంది. పుష్యమాసం నాటికి కంది కింద రాలిన ఆకు వేలు మందాన పరుచుకుని ఉంటుంది. ఆ ఆకును ఊడ్చి పొయ్యికి తెచ్చుకోవద్దని ఇంట్లో ఆడవాళ్లతో ఒప్పందం చేసుకోవడానికే మాకు రెండేళ్లు పట్టింది. తప్పు వాళ్లది కాదు. పత్తికట్టె తగ్గేసరికి వంటచెరకు కరువైంది.

ఇక పత్తిలో కంది సాలు పెట్టే అలవాటు మానేశాం. దానికి కారణం ఎండుతెగులు. కంది పూత మీద ఉండగా మొక్కలు గుంపులు గుంపులుగా వాడిపోతాయి, నీళ్లు లేక ఎండినట్టే ఉంటాయి. చాలామంది అట్లాగే అనుకుంటారు. కానీ కాండం మీద మొదలు నుంచి పైకి ఊదారంగు పట్టీ కనిపిస్తుంది, బెరడు గీరితే లోపల నల్లని చారలు ఉంటాయి. ఆ బూజు కంది మోళ్లలో, మట్టిలో మూడేళ్ల దాకా బతికి ఉంటుంది. పత్తిలో ఒక సాలు కంది, మళ్లీ ఏడు జొన్నలో ఒక సాలు కంది వేస్తే దానికి ఏనాడూ ఆకలి తెలియదు. ఇప్పుడు ఏ పట్టీలోనైనా కంది మూడేళ్లకు ఒకసారే వస్తుంది. పత్తి సాళ్ల నడుమ పెసర వేస్తున్నాం, అరవై డెబ్బై రోజుల్లో అది తీసేస్తే పత్తి గుబురుకొస్తుంది. జొన్నతో కలిపిన కందికి ఎండుతెగులు తక్కువగా వస్తుందని శాస్త్రవేత్తలు కూడా చెప్పారు. మా అవ్వకు అది ముందే తెలుసు, కారణం మాత్రం తెలియదు.

ఈ లెక్క మనదొక్కటే కాదు. డైట్‌లో శిక్షణకు కరీంనగర్‌లో ఉన్నప్పుడు జగిత్యాల దిక్కు మిత్రుల ఇళ్లకు వెళ్లేవాళ్లం. అక్కడ పసుపు వేసే రైతులు ఒకే మడిలో వరుసగా పసుపు పెట్టరు, దుంపకుళ్లు భయం. పక్కనే కాలువ కింద మాత్రం వరి మీద వరి. నీళ్లు ఉన్నచోట పంట మార్పు గురించి ఎవరూ మాట్లాడరు, నీళ్లు లేనిచోట మాట్లాడినా సేటు వినడు.

మూడో ఏడు సోయా. దీని గురించి మేము ఎక్కువ తప్పుగా అనుకున్నాం, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. పప్పుజాతి పంట వేస్తే నేలకు నత్రజని వస్తుందని పుస్తకంలో ఉంటుంది, మేము కూడా పిల్లలకు అట్లాగే చెప్పాం. వేరు బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. ఇది నిజమే. కానీ మొక్క దాన్ని గింజలో దాచుకుంటుంది, గింజను మనం బస్తాలకెత్తి మార్కెట్‌కు పంపుతాం. ఐదు క్వింటాళ్ల సోయా గింజలో సుమారు ముప్ఫై కిలోల నత్రజని ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది ఇరవై కిలోల పైచిలుకు. అంటే ఎకరం సోయా అమ్మినప్పుడు బస్తాన్నర యూరియా అంత నత్రజని బండెక్కి పోతుంది. బుడిపెలు సరిగా పనిచేయని చేనులో సోయా నేలకు పెట్టేది లేకపోగా, ఉన్నదాంట్లోంచి తీసుకుంటుంది కూడా.

అందుకని మేము రెండు పనులు పట్టుకున్నాం. ఒకటి బుడిపెలు చూడటం. సోయా మన నేలల పంట కాదు, దాని బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి మన మట్టిలో సహజంగా ఉండదు. మొదటిసారి వేసే చేనులో సోయా రకం రైజోబియం పొడి విత్తనానికి పట్టించాలి. శిలీంధ్రపు మందు ముందు పట్టించి ఆరనిచ్చి, విత్తే ముందు నీడలో రైజోబియం పట్టించాలి. ఎండలో ఆరబెడితే అది చచ్చిపోతుంది, మొదటి ఏడు మేము అదే చేశాం. విత్తిన నలభై రోజులకు, పూత మొదలవుతుండగా, ఏడో తరగతి పిల్లలను చేనుకు తీసుకుపోతాం. మొక్కను పీకొద్దు, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. గడ్డపారతో మట్టిగడ్డతో సహా లేపి బకెట్లో నానబెట్టాలి. కడిగాక బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పనిచేస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, పచ్చగా ఉంటే అయిపోయింది. మొదటి ఏడు ఒర్రె పట్టీలో మొక్కకు మూడో నాలుగో తెల్ల బుడిపెలే దొరికినై. మరుసటి ఏడు నడిమి పట్టీలో లెక్కపెట్టడం పిల్లలకు విసుగొచ్చింది.

రెండో పని పొట్టు. సోయా మిషన్‌లో కొట్టించాక కాడ, కాయపొట్టు ఒక్కచోట గుట్ట పడుతుంది. అందరూ అక్కడే అగ్గిపెడతారు. మేము దాన్ని బండితో తిరిగి పట్టీ అంతా పరుస్తాం. రెండు రోజుల పని, ఊళ్లో నవ్వుతారు. గింజతో పోయింది పోగా నేలకు మిగిలేది రాలిన ఆకు, వేరు, ఈ పొట్టు మాత్రమే.

సోయా వెంట శనగ వేయాలా వద్దా అన్నది ప్రతి ఏడు అప్పటికప్పుడు తేల్చే మాట. చిత్త, స్వాతి కార్తెల్లో జానెడు లోతు తవ్వి మట్టి తీసి పిడికిట్లో పిసుకుతాం. ఉండ కట్టి, వేలితో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విరిగితే విత్తుతాం. పొడి రాలితే వదిలేస్తాం. ఇంకొక అడ్డంకి కూడా ఉంది. సోయా, శనగ రెండూ పప్పుజాతులే, రెండింటికీ మొదలుకుళ్లు తెచ్చే బూజు ఒక్కటే. సోయాలో మొదళ్ల దగ్గర తెల్ల దారాలు, ఆవగింజల్లాంటి గోధుమరంగు పూసలు కనబడిన ఏడు శనగ వేయం. మైదానంలో చాలామంది ఏటా సోయా, ఏటా శనగ వేసి పంట మార్చుతున్నామని అంటారు. ఏడాదికి రెండు పంటలు మారినట్టే కనిపిస్తుంది, నేల కింద ఉన్న బూజుకు మాత్రం ఏమీ మారలేదు.

కాగితం మీద గడులు గీసినంత సాఫీగా ఏ ఏడూ నడవలేదు. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చిన రోజులు అందరికీ యాది ఉంటాయి. మా ఒర్రె పొంగి ఆ పట్టీలో సోయా మొత్తం కుళ్లిపోయింది. నీళ్లు తీసేసరికి ఆగస్టు వచ్చింది. మళ్లీ సోయాకు పొద్దు దాటింది. చిన్న తమ్ముడు కంది వేద్దామన్నాడు. కాగితం తీసి చూస్తే ఆ పట్టీలో 2021లోనే జొన్న కంది వేసి ఉన్నాం. కాగితం లేకపోతే వేసేవాళ్లమే. ఆముదం వేశాం. ఆ ఏడు శనగ లేదు, కానీ మరుసటి ఏడు పత్తికి ముందు నేల ఖాళీగా లేదు, ఆముదం ఆకు కొంత రాలింది.

2023ది మా సొంత తప్పు. ఆ ఏడు నడిమి పట్టీలో సోయా. గడ్డికి కూలీలు దొరకక విత్తిన ఇరవై రోజులకు ఇమాజితాపిర్ కొట్టాం. పప్పుజాతులను వదిలి మిగతా గడ్డిని చంపే మందు అది. ఆగస్టులో వాన దాదాపు పడలేదు, దేశమంతా అట్లాగే ఉండె. పశువులకు మేత కరువు చూసి, అక్టోబర్‌లో శనగకు బదులు యాసంగి జొన్న వేద్దామని తమ్ముడు అన్నాడు. గడులు అటూ ఇటూ అయినా మేతకే కదా అని సరే అన్నాం. జొన్న మొలిచింది, మూడాకుల దగ్గర ఆగిపోయింది. ఆకులు పసుపు పచ్చగా, అంచులు ఊదారంగుగా అయినై, వేర్లు సీసా కడిగే బ్రష్ లాగా కురచగా మందంగా ఉన్నై. జింకు లోపమేమో అని జింకు సల్ఫేట్ కొట్టాం. ఏం లాభం లేదు. గట్టు అంచున స్ప్రేయర్ తిరగని రెండు సాళ్లు మాత్రం పచ్చగా ఉండేసరికి అప్పుడు తెలిసింది. ఈ మందును మట్టిలో తినేసేవి సూక్ష్మజీవులే. తేమ లేకపోతే వాటి పని నడవదు, మందు నేలలో మిగిలిపోతుంది. శనగ వేసి ఉంటే ఏమీ కాకపోయేది, జొన్న దానికి ఓర్వలేకపోయింది. అప్పటి నుంచి కాగితంలో పంట పేరు కింద ఏ గడ్డిమందు ఏ తారీఖున కొట్టామో కూడా రాస్తున్నాం. డబ్బా మీద తర్వాత ఏ పంట ఎన్నాళ్లకు వేయాలో ఉంటుంది, సన్న అక్షరాల్లో, కొన్నిసార్లు మనకు రాని భాషలో. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వాళ్లకు చెప్పొచ్చు. మక్కలో కొట్టే అట్రాజిన్‌తో కూడా ఇదే గోస, అక్కడ చచ్చేది తర్వాత వేసిన పెసర, సోయా.

పైనున్న ఎర్ర చెలక మూడు గడులకు లొంగదు. మట్టి జానెడున్నర కంటే లోతు లేదు, కింద మొరం. అక్కడ ఒక ఏడు కొర్రలు, సామలు, నడుమ బొబ్బెర్లు వేస్తాం. ఒక ఏడు నువ్వులు. మూడో ఏడు జనుము. జనుము తొలకరికి చల్లితే నలభై ఐదు రోజుల్లో నడుమెత్తు లేస్తుంది, పూత మొదలవుతుండగా దున్ని కలిపేస్తాం. కాడ ముదరనిస్తే నార కట్టి మట్టిలో కుళ్లడానికి ఆరు నెలలు పడుతుంది. కలిపాక పైన ఉలవలు చల్లుతాం. గింజ వస్తే వచ్చింది, లేకపోతే మేత. ఈ ఏడు ఆ ఎకరం నుంచి డబ్బు రాదు. కానీ ఎవరు వచ్చి చూసినా పచ్చటి చేను కనిపిస్తుంది, గుంటుక గీతలు కనిపిస్తాయి. కాకా ఆ చేను చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దొంగబీడు పెట్టిన్రు" అని నవ్వాడు. మాకు ఆ పేరు నచ్చి కాగితంలో కూడా అట్లాగే రాసుకున్నాం.

పంట మార్పుతో అన్నీ పోతాయని అనుకోవద్దు. అది మట్టిలో ఉండే దాని మీదే పనిచేస్తుంది. శనగపచ్చ పురుగు తల్లి ఎగిరి వస్తుంది, దానికి పత్తీ కావాలి, కందీ కావాలి, శనగా కావాలి. మేము పెట్టిన వరుస దానికి ఏడాది పొడుగునా భోజనమే. గులాబీ రంగు పురుగు పత్తి మీదే బతికినా, మా ఎకరంలో లేకపోతే పక్కవాళ్ల పదెకరాల్లోంచి వస్తుంది. దానికి మందు, డిసెంబర్ దాటాక మూడో ఏరుడు కోసం పత్తిని నిలబెట్టకుండా కట్టె పీకి, మిగిలిన కాయలను తీసేయడమే. ఆ పని ఊరంతా చేయాలి.

ఊరంతా కలవాల్సిన ఇంకో చోటు జొన్న. 2019లో మా చుట్టుపక్కల ఎకరం జొన్న మాదొక్కటే. ఆ దిక్కు ఉన్న పిట్టలన్నీ మా ఎకరం మీదే వాలినై, రాత్రి అడవి పందులు వచ్చినై. అవ్వ మంచె మీద కూర్చుని డబ్బా కొట్టి కొట్టి జబ్బ పట్టుకుంది, ఆరు క్వింటాళ్లు రావాల్సింది రెండున్నర వచ్చింది. తర్వాత రెండు ఇళ్లవాళ్లతో మాట్లాడి, మా ముగ్గురి జొన్న పట్టీలు ఒకే ఏడు ఒకదాని పక్కన ఒకటి వచ్చేటట్టు గడులు కలుపుకున్నాం. అందుకోసం ఒక ఇంటివాళ్లు వాళ్ల వరుసను ఒక ఏడు వెనక్కి జరుపుకున్నారు. కాపలా వంతులైంది. పిట్ట తినేది అంతే తింటుంది, మూడెకరాల మీద పంచుకుంటుంది.

ఫలితం ఏమిటని బడిలో తోటి పంతుళ్లు అడుగుతుంటారు. 2024లో నడిమి పట్టీలో పత్తి ఎకరానికి ఏడు క్వింటాళ్లు వచ్చింది. గట్టు అవతల, అదే విత్తనం, అదే వారం వేసిన చేను, ఏటా పత్తే వేసే చేను, ఐదు ఇచ్చింది. మేము యూరియా మూడు బస్తాల నుంచి రెండుకు దించాం, వాళ్లు నాలుగు వేశారు. ఒక ఏడు, ఒక గట్టుకు అటూ ఇటూ లెక్క ఇది, దీని మీద పెద్ద మాట చెప్పలేం. మాకు ఎక్కువ నమ్మకం ఇచ్చింది దుక్కి. ఎండాకాలం పెళ్లలు ఇప్పుడు పిడికిలంత లేస్తున్నాయి, మొదటి వానకు చిట్లిపోతున్నాయి. ఒర్రె పట్టీలో మాత్రం ఇంకా నీళ్లు నిలుస్తున్నాయి. దానికి పంట మార్పు చాలదు, కాలువ తీయాలి.

2025 మిరుగానికి కాగితం ప్రకారం ఇప్ప పట్టీలో పత్తి, నడిమి పట్టీలో జొన్న కంది, ఒర్రె పట్టీలో సోయా. పత్తి రేటు పెరుగుతుందని ఎవరో చెప్పారట, చిన్న తమ్ముడు నడిమి పట్టీలో కూడా పత్తే వేద్దామంటున్నాడు. "ఒక్క ఏడే కదా దాదా" అంటాడు. నడిమి పట్టీ పక్కన రెండు ఇళ్లవాళ్ల జొన్న ఉంటుంది, మనం తప్పుకుంటే పిట్టలన్నీ వాళ్ల మీదే పడతాయని అవ్వ అంది. వాడు ఇంకా ఔననలేదు. జొన్న విత్తనం మాత్రం దూలానికి వేలాడదీసిన గుమ్మడి బుర్రలోంచి దించి, ఎండకు పోసి పెట్టాడు.